అట్టల జకార్డు నుంచి ఎలక్ట్రానిక్ జకార్డు దాకా – మన సాంచెలు, కరెంటు

సోలాపూర్‌లో మొదటి బట్టల మిల్లు 1877లో వచ్చింది. తెలంగాణ పల్లెల నుంచి వచ్చిన మన పద్మశాలి కుటుంబాలు మొదట మగ్గాల మీద, తరవాత సాంచెల మీద నేసి ఈ ఊరి చద్దరుకు పేరు తెచ్చాయి. ఆ చరిత్రలో కరెంటు సంగతి ఒకటుంది, అది చెప్తాను.

పాత సాంచెకు ఒక మోటారు, ఒక స్టార్టరు, అంతే. కరెంటు పోతే సాంచె ఆగేది, వస్తే మళ్ళీ బటన్ నొక్కేవాళ్ళం. డిజైన్ అంతా అట్టల చిల్లుల్లో ఉండేది. కరెంటు పోయినా అట్ట ఎక్కడ ఆగిందో అక్కడే ఉంటుంది గదా.

1983లో ఇటలీలోని మిలాన్ ప్రదర్శనలో బోనాస్ కంపెనీ ఎలక్ట్రానిక్ జకార్డు చూపించింది. మెల్లగా అలాంటివి మన షెడ్లకూ వచ్చాయి. వీటిలో అట్టలు లేవు. కంట్రోలర్ చెప్పినట్టు ఏ పోగులు లేవాలో చిన్న అయస్కాంతాలు ఎంచుతాయి. వోల్టేజి ఒక్క క్షణం పడినా కంట్రోలర్ ఆగిపోవచ్చు. సాంచె మాత్రం ఊపు మీద ఇంకో పోటు వేస్తుంది. పువ్వు మధ్యలో గీత పడి, చద్దరు సెకండ్స్‌లోకి పోతుంది.

దీనికి మందు యూపీఎస్. అయితే మోటారును దాని మీద పెట్టొద్దు. ఒక హార్స్‌పవర్ మోటారు స్టార్టు అయ్యేటప్పుడు ఆరు రెట్ల దాకా కరెంటు లాగుతుంది, చిన్న యూపీఎస్ తట్టుకోదు. కంట్రోలర్, జకార్డు కలిపి 200 వాట్లు అనుకుందాం. 600 వీఏ యూపీఎస్ సుమారు 360 వాట్లు ఇస్తుంది, అది చాలు. సాంచె ఆగేదాకా కంట్రోలర్ బతికి ఉంటే నేత తప్పదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. మోటారు కాంటాక్టర్ కాయిల్‌ను యూపీఎస్‌కు కలపొద్దు. కలిపితే కరెంటు పోయినా అది పట్టుకునే ఉంటుంది. కరెంటు రాగానే సాంచె తనంతట తనే తిరుగుతుంది. అప్పుడు పోగు అతుకుతున్న మనిషి చెయ్యి లోపల ఉంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

పిడుగు పడ్డప్పుడు, పెద్ద మోటార్లు ఆపినప్పుడు వచ్చే సర్జ్ వేరు జబ్బు. దానికి ప్యానెల్‌లో సర్జ్ పరికరం, అంటే ఎస్పీడీ, కావాలి. అది ఎక్కువైన వోల్టేజిని భూమిలోకి పంపుతుంది. ఎర్తింగ్ బాగా లేకపోతే పేరుకే ఉన్నట్టు. దాని వైర్లు అన్నీ కలిపి అర మీటరు మించొద్దు, పొడుగైతే ఆ వైరు మీదే వోల్టేజి మిగిలి కార్డుకు తగులుతుంది. దెబ్బలు తిని తిని అది అరిగిపోతుంది కూడా. చాలావాటిలో కిటికీ పచ్చ నుంచి ఎర్రగా మారుతుంది. వాన కాలంలో వారానికొకసారి చూడండి, ఎర్రనైతే మార్చండి.

న్యూట్రల్ తెగితే ఈ రెండూ కాపాడలేవు. 230 వోల్టుల లైను 400 దాకా ఎక్కి అలాగే నిలబడొచ్చు. ఎస్పీడీ క్షణాల దెబ్బకే గాని నిమిషాల దెబ్బకు కాదు, అదే కాలిపోతుంది. దానికి లైను కట్ చేసే ఓవర్ వోల్టేజి రిలే పెట్టాలి. మెకానిక్ వచ్చినప్పుడు ఈ మూడూ వేరువేరుగా అడిగి చూపించుకోండి.