శాతవాహనుల ఆదిస్థానం: ఉటంకింపులో పక్షపాతం, విరుద్ధాధారాల సమర్పణ

శాతవాహనులు ఎక్కడివారు అన్న ప్రశ్నపై వందేళ్లుగా చర్చ సాగుతోంది. ఈ చర్చలో కొత్త ఆధారాల కన్నా పాత ఆధారాల ఎంపికే ఎక్కువ పాత్ర వహించింది. ఆంధ్రదేశమే వారి ఆదిస్థానమని వాదించినవారూ, పశ్చిమ దక్కను అని వాదించినవారూ దాదాపు ఒకే శాసనాలను, ఒకే పురాణాలను చదివారు. తేడా ఏమిటంటే, ఒకరు ఉటంకించిన పంక్తిని మరొకరు వదిలిపెట్టారు.

నాసిక్ గుహలోని గౌతమీ బాలశ్రీ శాసనం దీనికి మంచి ఉదాహరణ. పులుమావి 19వ పాలనా సంవత్సరంలో ఆమె తన కుమారుడు గౌతమీపుత్ర శాతకర్ణిని స్తుతిస్తూ వేయించిన ప్రశస్తి ఇది. అందులో ఆయన ఏలిన దేశాల పట్టిక ఉంది: అసిక, అసక, ములక, సురఠ, కుకుర, అపరాంత, అనూప, విదర్భ, ఆకర, అవంతి. ఆంధ్రదేశం పేరు లేదు. పశ్చిమవాదులు ఈ పట్టికను చూపి, ఆంధ్ర అప్పటికి వారి రాజ్యంలోనే లేదని నిర్ణయిస్తారు. ఆంధ్రవాదులు అదే శాసనంలో కొంత ముందుకు సాగి, ఆయన అధిపతిగా చెప్పిన పర్వతాలలో మహేంద్రగిరి ఉందనీ, ఆయన వాహనాలు మూడు సముద్రాల నీరు తాగాయని ఉందనీ చూపిస్తారు. మొదటివారి గ్రంథాలలో పర్వతాల పట్టిక, రెండోవారి గ్రంథాలలో దేశాల పట్టిక కనిపించకపోవడం అరుదు కాదు.

రెండు పట్టికలను పక్కపక్కన పెడితే తేలేది వేరు. దేశాల పట్టిక పరిపాలనకు దగ్గరగా ఉంది. సముద్రాలు, పర్వతాలు చక్రవర్తి స్తుతిలో వాడుకగా వచ్చే మాటలు. కాబట్టి రెండింటికీ సమాన విలువ ఇవ్వలేము. అయితే దేశాల పట్టిక కూడా పశ్చిమవాదులు చెప్పినంత స్పష్టమైనది కాదు. అసక అంటే అశ్మకం. దానిని ఎక్కువమంది నేటి నిజామాబాదు జిల్లా బోధన్ ప్రాంతంతో ముడిపెడతారు. అంటే ‘ఆంధ్ర’ అన్న పేరు లేకపోయినా, నేటి తెలంగాణలోని ఒక భాగం ఆ పట్టికలో ఉండి ఉండవచ్చు. పైగా ఈ శాసనం గౌతమీపుత్రుని కాలపు రాజ్య విస్తృతిని చెబుతుంది. వంశం ఎక్కడ పుట్టిందో చెప్పదు. ఆదిస్థానానికి దీనిని సాక్ష్యంగా పిలవడంలోనే ఇరుపక్షాలూ పొరబడుతున్నాయి.

పురాణాల సంగతీ ఇలాంటిదే. అవి ఈ రాజులను ఆంధ్రులనీ, ఆంధ్రజాతీయులనీ అంటాయి. ఆంధ్రవాదానికి ఇదే మూలస్తంభం. మరోవైపు, వంశీయులు తమ శాసనాలలో తమను ఆంధ్రులమని ఎక్కడా చెప్పుకోలేదు. 1919లో వి.ఎస్. సుక్తంకర్ ఈ తేడాను ఎత్తిచూపి, పులుమావి నాటి మ్యాకదోని శాసనంలోని ‘సాతవాహనిహార’, హిరేహడగళి రాగిరేకులలోని ‘సాతాహనిరట్ఠ’ అన్న పేర్ల ఆధారంగా బళ్లారి ప్రాంతాన్ని వారి స్వస్థలంగా ప్రతిపాదించాడు. వంశం చివరి దశలో కృష్ణా లోయకు పరిమితమైనందువల్లనే పురాణకర్తలు వారిని ఆంధ్రులన్నారని ఆ పక్షం వివరణ.

సుక్తంకర్ వాదాన్ని చాలా తెలుగు రచనలు ఒక్క వాక్యంలో కొట్టివేస్తాయి. వారి ఆక్షేపణలో బలం లేకపోలేదు. జయించిన ప్రాంతానికి రాజవంశం పేరు పెట్టడం మామూలే కాబట్టి, ‘సాతవాహనిహార’ అన్నది పుట్టినచోటని నిరూపణ కాదు. మ్యాకదోని శాసనం వంశపు తొలిదశకు చెందినది కూడా కాదు. కానీ ఆయన అసలు ప్రశ్న ఈ ఆక్షేపణతో తీరిపోదు. తొలి రాజుల శాసనాలు నానాఘాట్‌లో, నాసిక్‌లో ఉన్నాయి. కోస్తాంధ్రలో వంశ శాసనాలు పులుమావి కాలం నుంచే, అమరావతి, ధరణికోటలలో కనిపిస్తాయి. ఆయన బలహీనమైన వాదాన్ని ఖండించి బలమైన ప్రశ్నను వదిలివేయడం, ఆయనను అసలు ఉటంకించకపోవడం కన్నా ఎక్కువ తప్పుదోవ పట్టిస్తుంది. పాఠకుడికి ప్రతిపక్షాన్ని విన్నామన్న నమ్మకం కలుగుతుంది. (మ్యాకదోని నాడు బళ్లారి జిల్లా ఆదోని తాలూకాలోది, 1953లో ఆ తాలూకా ఆంధ్రరాష్ట్రంలో కలిసింది. నేటి సరిహద్దులను నాటి చర్చపై మోపితే ఏమవుతుందో ఇది చాలు.)

కోటిలింగాల నాణేల ఉటంకింపులో ఎంపిక మరింత సూక్ష్మంగా జరుగుతుంది. నేటి జగిత్యాల జిల్లాలో, గోదావరి ఒడ్డున ఉన్న ఈ చోట దొరికిన నాణేలను పి.వి. పరబ్రహ్మశాస్త్రి ప్రకటించారు. వాటిలో ఛిముక సాతవాహనుని పేరున్నవి ఉన్నాయి. గోభద, నారన, సమగోప వంటి స్థానిక పాలకుల నాణేలూ ఉన్నాయి. తెలంగాణలో వంశ తొలి ఉనికికి ఇది గట్టి సూచన. కానీ ‘నిరూపించాయి’ అనడానికి ముందు మూడు విషయాలు చెప్పవలసి ఉంది. నాణేలు ప్రయాణం చేస్తాయి. ఇవి ఏ పొర నుంచి వచ్చాయో తెలియనప్పుడు వాటి బలం తగ్గుతుంది. నాణెంపై ఉన్న ఛిముకుడే పురాణాల వంశస్థాపకుడా అన్న సందేహాన్ని నాణేల పండితులలో కొందరు వెలిబుచ్చారు. నానాఘాట్‌లోని ప్రతిమల కింది పేర్లలోనూ సిముకుడు ఉన్నాడు. కర్ణాటకలో భీమా నది ఒడ్డున కనగనహళ్లిలో దొరికిన ఒక శాసనం ఛిముక సాతవాహనుని పదహారవ పాలనా సంవత్సరాన్ని పేర్కొంటుంది. కోటిలింగాలను ఉటంకించి కనగనహళ్లిని వదిలిన వ్యాసం ఎంత తాజాగా కనబడినా అసంపూర్ణమే. అటువైపు నుంచి చూస్తే, కనగనహళ్లిని చెప్పి కోటిలింగాలను దాచినదీ అంతే.

ఇలాంటి ఎంపికను ఒక సిద్ధాంత గ్రంథంలో పట్టుకోవడానికి క్రియాపదాలను చూడటం ఉపయోగపడుతుంది. తనకు అనుకూలమైన పండితుడు ‘నిరూపించాడు’, ‘స్పష్టం చేశాడు’. ప్రతికూలుడు ‘ఊహించాడు’, ‘పేర్కొన్నాడు’. రెండు వైపులా ఆధారం ఒకే తరహాదైనా క్రియలు ఇలా విడిపోతే, తీర్పు వాదం కంటే ముందే జరిగిపోయిందని అర్థం. మరో గుర్తు, సుక్తంకర్ వ్యాసాన్ని ఆయనను ఖండించినవారి పుస్తకం ద్వారా మాత్రమే తెచ్చుకోవడం. మూలాన్ని తెరచి చూడనివారు సాధారణంగా ఖండించినవారు ఎంచుకున్న పంక్తినే మళ్లీ ఉటంకిస్తారు. అలా ఒకరి ఎంపిక రెండుమూడు తరాల పరిశోధనలో సాధారణ జ్ఞానమైపోతుంది.

న్యాయంగా చెప్పాలంటే ప్రశ్నను ముందు విడదీయాలి. వంశం ఏ జాతిది? తొలి అధికార కేంద్రం ఏది? రాజ్యం ఎక్కడిదాకా విస్తరించింది? పురాణాలు మొదటిదానికి సాక్ష్యం; నానాఘాట్, కోటిలింగాల, కనగనహళ్లి రెండోదానికి; నాసిక్ ప్రశస్తి మూడోదానికి. అప్పుడు ఒక వాక్యం ఇలా వస్తుంది: ‘పురాణాల ప్రకారం శాతవాహనులు ఆంధ్రజాతీయులు, అయితే తొలిరాజుల లభ్య శాసనాలు పశ్చిమ దక్కనులో, ఛిముకుని పేరున్న నాణేలు మధ్య గోదావరి లోయలో కనిపిస్తున్నందువల్ల, జాతినామాన్ని బట్టి తొలి కేంద్రాన్ని కోస్తాంధ్రలో నిర్ణయించడానికి ప్రస్తుతానికి ఆధారం చాలదు.’ ఇందులో ఒక నిర్ణయం ఉంది. ప్రతికూలాధారం ఏ ప్రశ్నకు ప్రతికూలమో చెప్పబడింది. ప్రతి పక్షానికీ సమాన పేజీలు ఇవ్వడం ఇక్కడ అవసరం లేదు. ఏ ఆధారం దొరికితే ఈ వాక్యం మారుతుందో పాఠకుడికి తెలిసిపోతుంది: కోస్తాంధ్రలో ఛిముకుని లేదా కన్హుని కాలపు శాసనం, తవ్వకంలో పొర తెలిసి బయటపడిన ఛిముకుని నాణేలు.