మీటరు ముందా, కూలి ముందా: మరమగ్గాల ఆసామి లేఖలోని ఉత్పాదకత వాదంపై ఒక పరిశీలన

చిన్న కర్మాగారపు యజమాని తన కార్మికులకు రాసే లేఖను కార్మిక సంబంధాల పరిశోధకులు చాలావరకు సాకుల పత్రంగానే చదివారు. ఉత్పత్తి పెరగనిదే కూలి రేటును శాశ్వతంగా పెంచలేమన్న వాక్యం కంటబడగానే దాని వెనుక లెక్క ఉందా లేదా అని చూడకుండా, అది పెట్టుబడిదారు పాత పాటే అని పక్కన పెట్టడం అలవాటైపోయింది. పెద్ద మిల్లుల విషయంలో ఆ అనుమానానికి కారణాలు ఉంటే ఉండవచ్చు గాని, సిరిసిల్ల వంటి మరమగ్గాల కేంద్రంలో ఆ వాక్యం రాసేవాడు ఎవడో తెలుసుకోకుండా దాని మంచిచెడ్డలు తేల్చడం కుదరదు. అక్కడ నూలు, గుడ్డ రెండూ యజమానివి, అంటే పెట్టుబడి పెట్టే వ్యాపారివి. ఆ నూలు తెచ్చుకుని తన షెడ్డులోని మగ్గాలపై నేయించి మీటరుకు ఇంత అని మార్పిడి కూలి పుచ్చుకునేవాడు ఆసామి. మగ్గాలు నడిపేవాడు కార్మికుడు. గుడ్డ ధరను నిర్ణయించే శక్తి ఆసామికి లేదు కనుక, అతను కార్మికుడికి ఇచ్చే ప్రతి పైసా తనకు వచ్చే మీటరు కూలిలో నుంచే రావాలి.

ఈ పరిశీలనకు ఆధారంగా ఒక నమూనా లేఖను తీసుకోవడం జరిగింది. ఎనిమిది మగ్గాల షెడ్డు నడిపే ఆసామి, మీటరుకు 2 రూపాయల కూలిని రెండున్నర చేయమన్న కార్మికులకు జవాబుగా రాసినట్టు కూర్చిన లేఖ అది. పండుగకు ఒకసారి ఇచ్చే మొత్తం వేరు, ఎప్పటికీ నిలిచే రేటు వేరు అని, మొదటిది ఇప్పుడే ఇవ్వగలనని, రెండోది మగ్గాల సామర్థ్యం పెరిగి మూడు నెలలు నిలిచాకే సాధ్యమని అందులో ఉంటుంది. మగ్గం సామర్థ్యం అంటే మగ్గం ఆగకుండా నడిచి ఉంటే వేయగలిగిన పిక్కులలో, అంటే పేక పోగులలో, నిజంగా వేసినవి ఎన్ని అనే పాలు.

లెక్క ఇలా సాగుతుంది. నిమిషానికి 120 పిక్కులు వేసే మగ్గంపై అంగుళానికి 48 పిక్కుల గుడ్డ నేస్తున్నారనుకుంటే, 60 శాతం సామర్థ్యంతో గంటకు 4,320 పిక్కులు పడి 90 అంగుళాల గుడ్డ దిగుతుంది. పన్నెండు గంటల పాళీలో ఎనిమిది మగ్గాలపై అది సుమారు 219 మీటర్లు. సామర్థ్యం 75 శాతానికి చేరితే అదే పాళీలో 274 మీటర్లు దిగుతాయి. షెడ్డు అద్దె, మగ్గాల వాయిదా, మరమ్మతు మనిషి జీతం వంటి ఖర్చులు గుడ్డ దిగినా దిగకపోయినా పాళీకి 500 రూపాయలు అనుకుంటే, మొదటి సందర్భంలో మీటరుపై 2 రూపాయల 28 పైసలు పడే ఆ బరువు రెండో సందర్భంలో 1 రూపాయి 82 పైసలకు దిగుతుంది. ఆ తేడా 46 పైసలే కూలి రేటులోకి శాశ్వతంగా మళ్లించడానికి దొరికే సొమ్ము. మీటరు లెక్కన కూలి పుచ్చుకునే కార్మికుడికి రేటు మారకపోయినా 55 మీటర్ల కూలి, అంటే పాళీకి 110 రూపాయలు, అదనంగా చేతికొస్తాయన్నది కూడా ఇక్కడ గమనించవలసిందే. సామర్థ్యం పెరగకుండానే 50 పైసలు పెంచితే 219 మీటర్లపై సుమారు 110 రూపాయలు ఆసామి మిగులు నుంచి పోతాయి. మార్పిడి కూలి తగ్గిన సీజనులో మిగులే ఉండదు కనుక పెంచిన రేటు నిలవక మగ్గాలు ఆగిపోతాయి.

ఈ క్రమాన్ని తిరగేసేవారికి, అంటే కూలి పెంచితే ఉత్పాదకత దానంతటదే వస్తుందనేవారికి, అందివచ్చే సాక్ష్యం హెన్రీ ఫోర్డు. 1914 జనవరి 5న ప్రకటించిన రోజుకు 5 డాలర్ల వేతనాన్ని సామర్థ్య వేతనంగా, అంటే మార్కెటు రేటుకంటే ఎక్కువిచ్చి కార్మికుడి నిలకడనూ శ్రద్ధనూ కొనుక్కునే వేతనంగా, డేనియల్ రాఫ్, లారెన్స్ సమ్మర్స్ 1987లో వ్యాఖ్యానించారు. ఆ వ్యాసాన్ని పట్టుకుని కూలే ముందు అని తీర్మానించినవారు తేదీలకు ఇవ్వవలసిన బరువు ఇవ్వలేదు. హైలాండ్ పార్కు కర్మాగారంలో కారు చట్రాన్ని బిగించడానికి 12 గంటల 28 నిమిషాలు పట్టే స్థితి నుంచి, 1913 శరత్కాలంలో మొదలైన కదిలే వరుస వల్ల ఆ ఏడాది డిసెంబరుకే ఆ సమయం మూడు గంటల లోపుకు దిగింది. 5 డాలర్ల మాట ఆ తరువాతది. పైగా ఆ ఐదు డాలర్లలో మూల వేతనం అంతకుముందున్న 2 డాలర్ల 34 సెంట్ల చుట్టుపక్కలే ఉండి, తక్కినది లాభంలో వాటా పేరుతో షరతులపై ఇచ్చినదే. నమూనా లేఖలోని ఆసామి చెప్పేది ఇదే: మీటరు ముందు, దాని వాటా తరువాత. ప్రకటన తరువాత ఫోర్డు వద్ద కార్మికులు మానేసి పోవడం బాగా తగ్గిన మాట మాత్రం నిజమే.

ఉత్పాదకత అనగానే కార్మికుడి చెమట అని అర్థం చేసుకోవడం రెండు పక్షాలూ చేసే పొరపాటు. మగ్గం ఆగేది పడుగు తెగినప్పుడు, నాడెలో కండె అయిపోయినప్పుడు, కొత్త భీము ఎక్కించవలసి వచ్చినప్పుడు, కరెంటు పోయినప్పుడు, చెడిన మగ్గానికి మరమ్మతు మనిషి కోసం ఎదురుచూస్తున్నప్పుడు. వీటిలో కండె మార్చడంలోనూ తెగిన పోగు అతకడంలోనూ తప్ప కార్మికుడి చురుకుతనానికి చోటు తక్కువ. పడుగు పదేపదే తెగుతుంటే దోషం నూలులోనో గంజిలోనో ఉంటుంది; ఎనిమిది మగ్గాలలో ఒకటి రెండే తరచూ ఆగుతుంటే దోషం ఆ మగ్గాలలో ఉంటుంది; మనిషి మారినప్పుడల్లా లెక్క మారితేనే అది పనివాడిది. అహమ్మదాబాదులోని కాలికో మిల్లులలో ఎ.కె. రైస్ 1953లో చేసిన ప్రయోగం ఇందుకు గట్టి నిదర్శనం. అక్కడ కొత్త స్వయంచాలక మగ్గాలు పెట్టినా ఫలితం రాలేదు. ఒక్కో పనికి ఒక్కో మనిషి అన్న పద్ధతి తీసేసి, కొన్ని మగ్గాల బాధ్యత మొత్తం ఒక చిన్న బృందానికి అప్పగించాక సామర్థ్యం 80 శాతం నుంచి 95 శాతానికి చేరింది, పాడైన గుడ్డ కూడా తగ్గింది. మగ్గాలు అవే, మనుషులూ వారే. మారింది పని పంచుకునే తీరు. అది మిల్లు, ఇది షెడ్డు అన్న అభ్యంతరం ఉండవచ్చు గాని, సిరిసిల్లకే కాదు, మార్పిడి కూలి మీద బతికే ఏ చిన్న కర్మాగారానికైనా మీటరు ముందు, కూలి తరువాత అన్న క్రమమే వర్తిస్తుంది.

కనీస వేతనమైనా ఇవ్వలేని పరిశ్రమకు నిలిచే హక్కు లేదని క్రౌన్ అల్యూమినియం కేసులో సుప్రీంకోర్టు అన్నది కనుక, ఈ వాదమంతా కనీస వేతనానికి పైన ఉన్న పెంపుకే పరిమితం. ఆ పైభాగంలో మటుకు ఉత్పాదకతను లెక్కలోకి తీసుకోవడం యజమానులు కల్పించిన నియమం కాదు. న్యాయమైన వేతనాన్ని నిర్ణయించేటప్పుడు శ్రమ ఉత్పాదకతను చూడాలని న్యాయ వేతనాల కమిటీ స్వాతంత్ర్యం వచ్చిన తొలినాళ్లలోనే చెప్పింది.

ఇంత చెప్పినా నమూనా లేఖకు ఒక లోటు ఉంది. సామర్థ్యాన్ని 75 శాతానికి తేవాలని కార్మికులను అడుగుతుంది గాని, నూలు నాణ్యత, మరమ్మతు మనిషి, భీము మార్పు ఎవరి బాధ్యతో చెప్పదు. మిగిలే 46 పైసలలో కార్మికుడికి ఎన్ని అన్న అంకె లేఖలో ఎక్కడా లేదు.