ఇంటిపేరు దాచాక మిగిలేది: అభ్యర్థుల వడపోతలో పేరులేని బయోడేటా, అనుబంధ ప్రశ్నలు

తెలుగువాళ్లిద్దరు కొత్తగా కలిస్తే సాధారణంగా రెండు ప్రశ్నలతోనే చాలా తేలిపోతుంది. మీదే ఊరు? మీ ఇంటిపేరేంటి? మూడోది అడగాల్సిన అవసరం అరుదు. మన బయోడేటాలు ఈ రెండింటికీ అడగకముందే జవాబు చెప్పేస్తాయి. పైన పేరు, పక్కన ఫోటో ఉంటాయి. కింద ‘పర్సనల్ డీటెయిల్స్’ అనే గడిలో తండ్రి పేరు, పుట్టిన తేదీ, పెళ్లయిందో లేదో, తెలిసిన భాషలు, ఊరు, మండలం ఉంటాయి. వీటిలో ఏ ఒక్కటీ పని గురించి చెప్పదు. కానీ చదివేవారి కన్ను ముందు పడేది వీటిమీదే.

దీనికి విరుగుడుగా రెండు పద్ధతులు ప్రచారంలో ఉన్నాయి. ఒకటి, వ్యక్తి ఎవరో తెలియకుండా బయోడేటాను పరిశీలించడం. రెండోది, ఇంటర్వ్యూలో అందరినీ ఒకే ప్రశ్నలు, ఒకే అనుబంధ ప్రశ్నలు అడగడం. సంస్థలు మొదటిదాన్ని ఉత్సాహంగా చేపట్టి, రెండోదాన్ని ‘చూద్దాంలే’ అని వదిలేస్తుంటాయి. దరఖాస్తు దశలో దాచిన సమాచారమే ఇంటర్వ్యూలో అనుబంధ ప్రశ్నగా తిరిగొస్తుందనీ, అందువల్ల ఈ రెండింటినీ విడదీయకూడదనీ ఈ వ్యాసంలో నా వాదన.

పేరు చేసే పనిని భారతదేశంలో కొలిచిన అధ్యయనాల్లో సుఖదేవ్ థోరట్, పాల్ అట్టెవెల్ 2007లో ప్రచురించినది ముఖ్యమైనది. వారు 66 వారాల పాటు ఆంగ్ల దినపత్రికల్లో వచ్చిన 548 ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపారు. చదువు, అనుభవం సమానం. తేడా పేరులోనే: అగ్రవర్ణ హిందూ పేరు, దళిత పేరు, ముస్లిం పేరు. పిలుపు వచ్చే ‘ఆడ్స్’, అంటే పిలుపు రావడానికీ రాకపోవడానికీ మధ్య నిష్పత్తి, అగ్రవర్ణ పేరుతో పోలిస్తే దళిత పేరుకు 0.67 రెట్లు, ముస్లిం పేరుకు 0.33 రెట్లు మాత్రమే వచ్చింది. ఆ దరఖాస్తులు తెరిచినవారిలో ‘ఈ కులంవాళ్లను తీసుకోకూడదు’ అని నిశ్చయించుకుని కూర్చున్నవారు ఎందరో ఈ లెక్క చెప్పదు. అలాంటి నిశ్చయం లేకుండానే కొన్ని కాగితాలను కాస్త తొందరగా పక్కన పెట్టినా ఇదే ఫలితం వస్తుంది.

అయితే అన్ని ఉద్యోగాల్లోనూ ఇలాగే ఉంటుందా? అభిజిత్ బెనర్జీ, మరో ముగ్గురు పరిశోధకులు ఢిల్లీ పరిసరాల్లో 371 ఖాళీలకు 3,160 బయోడేటాలు పంపి 2009లో ప్రచురించిన ఫలితం దీన్ని సంక్లిష్టం చేసింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో కులాన్ని బట్టి తేడా కనబడలేదు. కాల్ సెంటర్ ఉద్యోగాల్లో అగ్రవర్ణ పేర్లకూ ఓబీసీ పేర్లకూ మధ్య తేడా కనబడింది, ఎస్సీ పేర్ల విషయంలో అది కొంత తక్కువ. దీన్ని నేను అర్థం చేసుకునే తీరు ఇది: ఫలానా ప్రోగ్రామింగ్ భాష వచ్చా రాదా అన్నది కాగితం మీదే తేలుతుంది. ‘మాట్లాడే తీరు బావుంటుందా’ అన్నది కాగితం మీద తేలదు, ఊహించాలి. ఊహకు ఆధారం కావాలి, అప్పుడు పేరు దొరుకుతుంది. అంటే పేరు దాచడానికి ముందే చేయాల్సిన పని ఒకటుంది. ఏం వెతుకుతున్నామో, అది కాగితం మీద ఎలా కనబడుతుందో రాసిపెట్టుకోవాలి.

ఇక దాచడం గురించి. మనకు ఇది కొత్తేమీ కాదు. ఇంటర్మీడియట్ జవాబు పత్రాల మీద పేరున్న భాగాన్ని చించేసి, బార్‌కోడ్‌తోనే దిద్దిస్తారు. జవాబు పత్రంలో పేరు ఒకచోటే ఉంటుంది కాబట్టి అది సాధ్యం. బయోడేటాలో మనిషి ఆనవాళ్లు పేజీ అంతా పరుచుకుని ఉంటాయి. పేరు కొట్టేసినా ఈమెయిల్ చిరునామాలో అదే పేరు, పుట్టిన సంవత్సరంతో సహా ఉంటుంది. ఫైల్ పేరులోనూ ఉంటుంది. ‘తెలిసిన భాషలు: ఉర్దూ’ అంటే ఒక ఊహ, ‘లంబాడీ’ అంటే మరో ఊహ. ‘గిరిజన సంక్షేమ ఆశ్రమ పాఠశాల’ అన్న ఒక్క ముక్క చాలు. డిగ్రీ పూర్తయిన సంవత్సరం వయసు చెబుతుంది. రెండేళ్ల విరామం ఉంటే, చాలామంది ఆడమనిషేమో అనుకుంటారు.

మరి అన్నీ కొట్టేస్తే? ఫ్రాన్స్ అనుభవం ఇక్కడ పాఠం. 2010–11లో అక్కడి ప్రభుత్వ ఉపాధి సంస్థ ద్వారా, స్వచ్ఛందంగా ముందుకొచ్చిన కంపెనీలతో పేరులేని బయోడేటాల ప్రయోగం జరిగింది. వలస కుటుంబాలవారికి, వెనుకబడిన పేటలవారికి మేలు జరుగుతుందని ఆశించారు. కానీ ఆ వర్గాలవారికి ఇంటర్వ్యూ అవకాశాలు తగ్గాయి. లుక్ బెఅగెల్, ఇద్దరు సహ పరిశోధకులు దీనికి రెండు కారణాలు చూపారు. ముందుకొచ్చిన కంపెనీలు అప్పటికే ఆ వర్గాల అభ్యర్థులను బాగానే చూస్తున్నవి, దాచడంతో ఆ సానుకూలత పోయింది. రెండోది, నేపథ్యం తెలిసినప్పుడు ఉద్యోగంలో విరామాన్నో, చిన్నపాటి అనుభవాన్నో అర్థం చేసుకుని చదివినవారు, అది తెలియనప్పుడు దాన్ని నేరుగా లోపంగా లెక్కేశారు.

ఈ రెండో కారణం మన బయోడేటాలకు సూటిగా వర్తిస్తుంది. జిల్లా పరిషత్ హైస్కూలు పేరు తీసేసి 71 శాతం మార్కులను మాత్రం ఉంచితే, హైదరాబాద్ కార్పొరేట్ కాలేజీ నుంచి వచ్చిన 88 శాతం పక్కన అది వెలవెలబోతుంది. ఆనవాలు తీసేసి దాని ప్రభావాన్ని మాత్రం ఉంచడం అన్యాయమే. అందుకే పని మార్కులను బట్టి నడవని చోట పదో తరగతి, ఇంటర్ శాతాలను కూడా తీసేయడమే మంచిదని నా అభిప్రాయం. ఉంచాల్సిందల్లా పని చేయగలరనడానికి రుజువు.

ఒక ఊహా ఉదాహరణతో ఇది స్పష్టమవుతుంది. విజయవాడలో మందుల టోకు వ్యాపార సంస్థ ఒకటి ఇద్దరు అకౌంట్స్ అసిస్టెంట్ల కోసం ప్రకటన ఇచ్చిందనుకుందాం. 120 దరఖాస్తులు వచ్చాయి. వాటిని తెరవకముందే మూడు కొలమానాలు రాసుకున్నారు: ట్యాలీలో రోజువారీ ఎంట్రీలు, జీఎస్టీ రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంటుతో పుస్తకాలను సరిచూడటం. ఒక్కోదానికి 0 నుంచి 4 మార్కులు. ‘జీఎస్టీ తెలుసు’ అని మాత్రమే ఉంటే 1. నెలవారీ రిటర్ను తయారీలో ఏ భాగం చేశారో చెబితే 3. స్వతంత్రంగా దాఖలు చేసి, తేడాలు సరిచేసినట్టు ఉంటే 4.

ఎంపికతో సంబంధం లేని ఒక ఉద్యోగి దరఖాస్తుల్లోని పని వివరాలను వరుస నంబరుతో ఒక పట్టికలోకి ఎక్కించాడు. పాత యజమాని దుకాణం పేరుకు బదులు ‘టోకు వ్యాపారం, ఆరుగురు సిబ్బంది’ అని రాశాడు, ఎందుకంటే దుకాణాల పేర్లలోనూ ఇంటిపేర్లుంటాయి. తేదీల బదులు ‘రెండేళ్ల నాలుగు నెలలు’ అని రాశాడు. మార్కులు వేసే ఇద్దరూ విడివిడిగా, ఒక్కో బయోడేటాను కాకుండా ఒక్కో కొలమానాన్ని 120 మందికీ వరసగా చదివారు. ఇలా చదివితే ట్యాలీ దగ్గర కలిగిన మంచి అభిప్రాయం జీఎస్టీ మార్కుల్లోకి పాకే అవకాశం తగ్గుతుంది. ఇద్దరి మార్కుల మధ్య రెండు లేదా అంతకు మించిన తేడా వచ్చినచోట కాగితంలో ఏ వాక్యం చూసి వేశారో చెప్పుకున్నారు.

ముసుగు సరిగ్గా పడిందో లేదో తెలుసుకోవడానికి తేలికైన పరీక్ష ఉంది. మగవారివి, ఆడవారివి 30 చొప్పున 60 వరుసలు తీసి, అభ్యర్థుల గురించి ఏమీ తెలియని ఒకరిని ఎవరెవరో ఊహించమనాలి. గుడ్డిగా చెప్పినా దాదాపు 30 తగులుతాయి. 45 తగిలాయంటే ముసుగు కారుతోందని అర్థం. ఏ పదం చూసి పోల్చుకున్నారో వారినే అడిగితే కారే చోటు దొరుకుతుంది.

మన ఉదాహరణలో ఇలా వడపోశాక పన్నెండు మంది ఇంటర్వ్యూకు వచ్చారు. తలుపు తెరుచుకోగానే ముసుగు పోయింది. సురిందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ ఢిల్లీ ప్రాంతపు నియామక అధికారులతో మాట్లాడి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, ప్రతిభే కొలమానం అని నొక్కి చెప్పినవారే అభ్యర్థి కుటుంబ నేపథ్యం గురించి అడగడం తప్పనిసరి అనుకోవడం కనబడుతుంది. ‘నాన్నగారేం చేస్తారు?’ అన్నది మనకు మర్యాదగా వినిపించే ప్రశ్న. లోపలికి వచ్చిన మనిషిని తేలికపరచడానికే అడుగుతారు. కానీ ‘బ్యాంకు మేనేజరు’ అన్న జవాబు తర్వాతా, ‘కూలికి వెళతారు’ అన్న జవాబు తర్వాతా గదిలో ఒకే వాతావరణం ఉండదు.

ఆ వాతావరణమే జవాబులను మార్చేస్తుంది. కార్ల్ వర్డ్, మార్క్ జానా, జోయెల్ కూపర్ 1974లో ప్రచురించిన ప్రయోగం ఈ విషయాన్ని బాగా పట్టుకుంది. అమెరికాలో శ్వేతజాతి ఇంటర్వ్యూకర్తలు నల్లజాతి అభ్యర్థులకు మరింత దూరంగా కూర్చున్నారు, ఎక్కువ తడబడ్డారు, త్వరగా ముగించారు. తర్వాత పరిశోధకులు అదే ముభావాన్ని శిక్షణ ఇచ్చిన ఇంటర్వ్యూకర్తల ద్వారా శ్వేతజాతి అభ్యర్థులపైనే ప్రయోగించారు. వాళ్ల ఇంటర్వ్యూలూ చెడిపోయాయి. అభ్యర్థి ‘సరిగ్గా చెప్పలేకపోయాడు’ అన్న మాటలో అడిగినవారి వాటా కూడా ఉండవచ్చన్నమాట.

మన విజయవాడ గదికి వద్దాం. ప్రధాన ప్రశ్న అందరికీ ఒకటే: ‘మీ పుస్తకాల్లో ఒక కొనుగోలు బిల్లు ఉంది, అది ఆ నెల జీఎస్టీఆర్-2బీలో కనబడలేదు. ఏం చేస్తారు?’ 2022 జనవరి నుంచి అందులో కనబడని బిల్లుపై పన్ను క్రెడిట్ తీసుకోవడానికి వీల్లేదు. కాబట్టి క్రెడిట్ ఆపి, సరఫరాదారుతో బిల్లు ఎక్కించి, పెండింగ్ జాబితాలో పెట్టి, తర్వాతి నెలల్లో సరిచూడాలి. ఇద్దరు అభ్యర్థులు ‘సప్లయర్‌ను అడుగుతాం’ అని ఆగిపోయారనుకోండి. ఒకరితో ఇంటర్వ్యూకర్త ‘అంటే ఆ నెల క్రెడిట్ ఆపి, తర్వాత సరిచూస్తారు, అంతేనా?’ అన్నాడు. అభ్యర్థి ‘అవునండీ’ అన్నాడు. రెండో ఆమెతో ‘ఇది మీరే చేశారా, ఎవరైనా చేస్తుంటే చూశారా?’ అన్నాడు. ఆమె ఉలిక్కిపడి, మా సార్ కూడా ఉన్నారంది. మొదటివారికి 4, రెండోవారికి 2. ప్రధాన ప్రశ్న సమానంగానే ఉంది. ఒక అనుబంధ ప్రశ్న జవాబు అందించింది, మరొకటి అనుమానించింది.

అందుకే అనుబంధ ప్రశ్నలు కూడా ముందే కాగితం మీద ఉండాలి. ఈ ప్రశ్నకు మూడు చాలు: ‘ఆ నెల రిటర్నులో ఏం చూపిస్తారు?’, ‘సరఫరాదారు పలకకపోతే?’, ‘ఇలాంటి పనిలో మీరు స్వయంగా చేసిన భాగం ఏది?’ అభ్యర్థి ముందే చెప్పేసినా మూడింటిలో ఏ ఒక్కటీ వదలకుండా, అదే వరసలో అందరినీ అడగాలి. మౌనం వస్తే ‘ఇంకేమైనా చెబుతారా?’ అని ఒక్కసారి అనవచ్చు. జవాబు తెలుగులో చెప్పాలా ఇంగ్లిష్‌లో చెప్పాలా అన్నది అభ్యర్థి ఇష్టం. ఉద్యోగానికి ఇంగ్లిష్ ఈమెయిళ్లు అవసరమైతే పది నిమిషాలు ఒకటి రాయించి దానికి విడిగా మార్కులు వేయాలి.

నూటికి నూరుపాళ్లు ఇలా బిగిస్తే సంభాషణ యాంత్రికమవుతుందని ఇంటర్వ్యూకర్తలు ఫిర్యాదు చేస్తారు. అది నిజమే. అభ్యర్థి చెప్పింది అర్థం కానప్పుడు రాసుకోని ప్రశ్న అడగక తప్పదు. అడగనివ్వాలి, కానీ ప్రశ్నను ఉన్నదున్నట్టు రాసుకోవాలి. రోజు చివర ఆ కాగితాలు తీసి ఒక్కో అదనపు ప్రశ్నను ‘అందించింది’, ‘అనుమానించింది’, ‘వివరం కోరింది’ అని మూడు గడుల్లో వేస్తే, ఏ అభ్యర్థి వైపు ఏది ఎక్కువ పడిందో కనబడుతుంది. పన్నెండు మందితో గణాంక నిర్ధారణ సాధ్యం కాదు. అయినా అందించిన ప్రశ్నలన్నీ ముగ్గురి దగ్గరే పోగుపడితే ఆ మార్కులను ఆ సాయంత్రమే మళ్లీ చూడవచ్చు.

వీటిలో ఏదీ అందుకోలేని దారి ఒకటుంది. మన చిన్న, మధ్య తరహా సంస్థల్లో చాలా బయోడేటాలు ప్రకటన చూసి రావు, ‘మనవాడే, కాస్త చూడండి’ అనే ఫోన్‌తో వస్తాయి. ఆ కాగితం మీద పేరు కొట్టేసి లాభం లేదు, మార్కులు వేసేవారి చెవిలో అది అప్పటికే పడింది. అలాంటి ఫోన్ అందుకున్నవారు ఆ విషయం నమోదు చేసి, ఆ విడతలో మార్కులు వేయడం నుంచి తప్పుకుంటే పట్టికకు కొంత అర్థం ఉంటుంది. ఫోన్ అందుకున్నది యజమానే అయితే, మార్కుల పట్టిక పూర్తయి ఇద్దరి సంతకాలు పడేదాకా ఆయన దాన్ని చూడకుండా ఉండాలి.