పెళ్లి మాట, రెండో టీ

ఆదివారం, సాయంత్రం ఐదున్నర. బంజారాహిల్స్ లామకాన్‌లో బండరాయి పక్కనున్న బల్ల దొరికింది. ఎదురుగా రెండు గ్లాసుల టీ, ఒక ప్లేటు సమోసా. అతను సమోసా విరిచి, ఆవిరి పోయేదాకా ఆగుతున్నాడు. మేం కలవడం ఇది రెండోసారి. నేను చెప్పాల్సిన మాట ఒకటుంది. దాన్ని ఈ టీ అయ్యేలోపే చెప్పాలని ఇంటి దగ్గరే అనుకుని బయల్దేరాను.

నాకు ముప్పై రెండేళ్లు. నాకు పెళ్లి చేసుకోవాలని ఉంది. ఈ సంగతి యాప్‌లో నా ప్రొఫైల్ మీద ఉంది, అతను చూసే ఉంటాడు. కానీ అక్కడ ఒక గడి నొక్కడానికి అర సెకను చాలు. దాని వెనక ఆలోచన ఉందో లేదో మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడితే తప్ప తెలియదు. అందుకే మొదటిసారి కలిసినప్పుడు ఆ ప్రస్తావన తేలేదు. ఆ గంటలో తెలుసుకోవాల్సింది ఒకటే: ఇతనితో మాటలు సాగుతాయా, సాగవా? సాగాయి. ఇక ఈరోజు దాచుకుంటే మాత్రం మోసమే అవుతుంది.

అతను వాళ్ల మేడ మీది జామ మొక్క గురించి చెబుతున్నాడు. కుండీ మార్చాక ఆకులు రాలిపోయాయట. నేను వింటూనే ఉన్నాను, కానీ చేతులు చల్లబడుతున్నాయి. ఇలాంటి బల్లల దగ్గర ఇంతకుముందు రెండుసార్లు తప్పు చేశాను.

మొదటి తప్పు రెండేళ్ల కింద. అప్పుడు కలిసిన అతన్ని నలభై నిమిషాల్లో అన్నీ అడిగేశాను. సొంతిల్లా, అద్దా? అమ్మానాన్నలతోనే ఉంటారా? పిల్లలు ఎప్పుడు? మా ఇంట్లో మీ గురించి చెప్పనా? నిజాయితీగా ఉన్నాననుకున్నాను. నిజానికి పెళ్లిచూపుల్లో పెద్దవాళ్లు అడిగే ప్రశ్నలన్నీ ఒక్కదాన్నే అడిగాను. అతని జవాబులు పొట్టివయ్యాయి. కుర్చీ కొంచెం వెనక్కి జరిగింది. చివరికి "చూద్దాం" అన్నాడు. గ్లాసులో సగం టీ అలాగే ఉండిపోయింది.

ఆ దెబ్బకి రెండో తప్పు చేశాను. తర్వాత పరిచయమైన అతను "నీకేం కావాలి?" అని అడిగితే "ఏదైనా ఓకే, చూద్దాంలే" అన్నాను. తొమ్మిది నెలలు అలాగే గడిచాయి. ఒక రాత్రి పెళ్లి మాట ఎత్తితే అతను నిర్ఘాంతపోయి, "నువ్వెప్పుడూ చెప్పలేదుగా" అన్నాడు. చాలా ఏడ్చాను. కానీ అతని మాటలో తప్పు లేదు. నేను చెప్పింది అతను నమ్మాడు, అంతే.

ఆ రెండింటి గురించి చాలాకాలం ఆలోచించాక నాకొకటి అర్థమైంది. మన దగ్గర పెళ్లి అనే మాట ఒంటరిగా రాదు. దాని వెనకే అమ్మ, నాన్న, మేనమామ, కులం, జాతకం, ఫంక్షన్ హాలు అన్నీ వచ్చి బల్ల చుట్టూ నిలబడతాయి. అవతలి మనిషి ఉక్కిరిబిక్కిరయ్యేది చాలాసార్లు నా కోరికను చూసి కాదు, దాని వెనకున్న ఆ గుంపును చూసి. కోరికను దాచక్కర్లేదు. గుంపును బయటే ఉంచితే చాలు.

జామ మొక్క కథ ముగిసింది. కొత్త చిగురు వచ్చిందట. ఇద్దరం నవ్వాం. ఇప్పుడే చెప్పాలి.

"ఒక మాట చెప్పాలండి. నాకు పెళ్లి చేసుకోవాలని ఉంది. మీతోనే అని అనడం లేదు, అది తెలిసేంత పరిచయం మనకింకా లేదు. కానీ అసలు ఆ ఉద్దేశమే లేని వాళ్లతో ముందుకెళ్లడం నాకు కుదరదు. మీకెలా ఉంది?"

అంతే. పదిహేను సెకన్లు కూడా పట్టలేదు.

అతను గ్లాసు కింద పెట్టాడు. మాట్లాడటం లేదు. పక్క బల్ల దగ్గర ఎవరో గిటారు శ్రుతి చేసుకుంటున్నారు. అన్నిటికన్నా కష్టం ఈ నిశ్శబ్దమే. "అంటే ఇప్పుడే అని కాదు, ఊరికే అన్నాను, పట్టించుకోకండి" అనే వాక్యం నా గొంతు దాకా వచ్చింది. అది అన్నానంటే చెప్పిన నిజాన్ని నేనే వెనక్కి లాక్కున్నట్టు. లేదంటే ఇంకో పది వాక్యాలు వివరించాలనిపిస్తుంది, అది అతని ఆలోచన మీద పడి తొక్కడమే. రెండూ చేయకుండా సమోసా ముక్క తీసుకున్నాను.

"మీ ఇంట్లో చెప్పారా, నా గురించి?" అని మెల్లగా అడిగాడు.

భయం ఎక్కడుందో తెలిసిపోయింది. "లేదు. మనిద్దరికీ ఒక స్పష్టత వచ్చేదాకా చెప్పను. అమ్మ అడిగినా స్నేహితులను కలవడానికి వెళ్లాననే అంటాను."

అతని భుజాలు కాస్త దిగాయి. "చేసుకోవాలనే ఉంది. కానీ మా అక్క పెళ్లి నిలబడలేదు. తొందరపడి చేశాం అని మా నాన్న ఇప్పటికీ బాధపడతాడు. నేను మాత్రం ఏడాదైనా మనిషిని చూడకుండా సరే అనలేను."

ఇక్కడ కొంచెం జాగ్రత్తగా వినాలి. "పెళ్లి వద్దు" అనడం వేరు, "నాకు సమయం కావాలి" అనడం వేరు. మొదటిదాన్ని ఓపికతో మార్చగలనని అనుకోవడం నా పాత అలవాటు. రెండోదాన్ని తిరస్కారంగా వినడం కూడా నాకు అలవాటే. అతను చెప్పింది రెండోది, కారణంతో సహా చెప్పాడు. "ఏడాది అంటే ఎప్పటి నుంచి లెక్క?" అని అడగాలని నాలుక దురద పెట్టింది. అడగలేదు. "అక్క ఇప్పుడెలా ఉన్నారు?" అని అడిగాను.

అక్కడి నుంచి పావుగంట అక్క గురించే మాట్లాడుకున్నాం. తర్వాత అతను లేచి వెళ్లి రెండో టీ తెచ్చాడు. గంటన్నరలో పెళ్లి మాటకు పట్టింది ఐదు నిమిషాలు. మిగతా సమయమంతా ఇద్దరు మనుషుల పరిచయానికే దక్కింది.

రాత్రి తొమ్మిదిన్నర. మంచం మీద కూర్చుని ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. సాయంత్రం చెప్పినదాన్ని ఇంకా బాగా చెప్పాలని పొడుగాటి మెసేజ్ టైప్ చేశాను. చదువుకున్నాను. అందులో "మీరు ఏమనుకున్నారో" అని మూడుసార్లు ఉంది. ఒకసారి చెప్పి వదిలిన మాటను మళ్లీ తట్టి లేపడం బతిమాలడమే అవుతుంది. అంతా చెరిపేసి ఒక్క వాక్యం పంపాను: "అక్క సంగతి నమ్మి చెప్పినందుకు థాంక్స్."

అతను అడగని లెక్క ఒకటి నా దగ్గరుంది. డైరీలో మూడు నెలల తర్వాతి తేదీ రాసుకున్నాను. అది అతనికి పెట్టిన గడువు కాదు, నాకు నేను పెట్టుకున్న హద్దు. ఈలోపు ఆ విషయం అతనంతట అతనే మళ్లీ ఎత్తుతాడా? వచ్చే నెల గురించి మాట్లాడినప్పుడు అందులో నేనుంటానా? స్నేహితులకు పరిచయం చేస్తాడా? ఇవి చూస్తాను. ప్రతిసారీ "చూద్దాం" దగ్గరే ఆగిపోతుంటే ఆ తేదీన ఇంకోసారి సూటిగా అడుగుతాను, అప్పుడూ తేలకపోతే లేచి వచ్చేస్తాను. తొమ్మిది నెలలు మళ్లీ పోగొట్టుకోను.

సోమవారం మధ్యాహ్నం లంచ్ డబ్బా తెరుస్తుంటే ఫోన్ మోగింది. అతని మెసేజ్.

"నిన్న ఒకటి అడగడం మర్చిపోయాను. పెళ్లి కావాలన్నారు కదా, అందులో మీకు కావాల్సింది ఏంటి?"

జవాబు నా దగ్గర బోలెడుంది, రెండు పేజీలకు సరిపడా. డబ్బా మూత పక్కన పెట్టి టైప్ చేశాను.

"ఆదివారం చెప్తాను. మీది కూడా వినాలి."