సన్నివేశ సంధానం (స్క్రిప్టు రచన)

స్క్రిప్టులో ఒక భాగం ముగిసి మరో భాగం మొదలయ్యే చోట ప్రేక్షకుణ్ణి ఎలా దాటించాలో ముందే నిర్ణయించుకోవడాన్ని సన్నివేశ సంధానం అంటారు. మామూలు కట్ కాక ఇందుకు ఎక్కువగా వాడేవి మూడు: మ్యాచ్ కట్, వైప్, సౌండ్ బ్రిడ్జ్. ఇవి ఎడిటింగ్ బల్ల మీద పుట్టేవని చాలామంది అనుకుంటారు. నిజానికి వీటికి కావలసిన సరుకు షూటింగ్‌లోనే దొరకాలి. అందుకే స్క్రిప్టులోనే వీటికి చోటుండాలి.

నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టు మీద ఒక చిన్న డాక్యుమెంటరీ రాస్తున్నామని అనుకుందాం. మొదటి భాగం హాలియా దగ్గర వరికోత, రెండోది మిర్యాలగూడ రైసు మిల్లు, మూడోది మిల్లులో పనిచేసే హమాలీ ఇల్లు, నాలుగోది కోదాడ దగ్గర హైదరాబాదు–విజయవాడ రహదారి.

పొలం నుంచి మిల్లుకు మ్యాచ్ కట్ బాగా కుదురుతుంది. హార్వెస్టర్ గొట్టం నుంచి ట్రాక్టరు ట్రక్కులోకి వడ్లు పడుతుంటాయి. కట్ చేస్తే మిల్లులో గొట్టం కింద సంచిలోకి తెల్లటి బియ్యం పడుతుంటాయి. ధార ఒకటే, రంగు మారింది. మధ్యలో జరిగినదంతా మాట లేకుండానే అర్థమవుతుంది. అయితే హార్వెస్టర్ గొట్టం ధాన్యాన్ని వాలుగా విసురుతుంది, మిల్లు గొట్టం నిట్టనిలువుగా వదులుతుంది. రెండింటినీ దూరం నుంచి తీస్తే పొత్తు కుదరదు. ధార నిలువుగా దిగే కింది భాగాన్నే దగ్గరగా తీయాలి. ఫ్రేములో ధార ఎక్కడుంది, ఎంత వెడల్పుంది, కెమెరా ఎంత ఎత్తులో ఉంది అన్నవి పొలంలోనే రాసుకుని, ఆ షాటు నుంచి ఒక స్టిల్లు మిల్లుకు తీసుకెళ్లాలి. అక్కడ దాన్ని పక్కన పెట్టుకుని రెండో షాటు సరిచూసుకోవాలి. మొదటి ధార ఎడమ అంచున, రెండోది నడిమధ్యన ఉంటే ప్రేక్షకుడి కన్ను వెతుక్కుంటుంది. ఆ వెతుకులాటలో పావు సెకను, అంటే ఆరు ఫ్రేములు, గడిచిపోతే మ్యాచ్ తేలిపోతుంది.

మిల్లు నుంచి హమాలీ ఇంటికి సౌండ్ బ్రిడ్జ్ నప్పుతుంది. మిల్లు హోరు ఆగకుండానే బొమ్మ మారుతుంది. రాత్రి ఇంట్లో ఆయన నిద్రపోతుంటాడు, హోరు ఇంకా రెండు సెకన్లు వినిపించి మెల్లగా తగ్గుతుంది. పని ఆయన్ను వదల్లేదని వ్యాఖ్యాత చెప్పక్కర్లేదు. దీనికోసం మనుషుల మాటలు పడని మిల్లు శబ్దాన్ని కనీసం ఒక నిమిషం విడిగా రికార్డు చేసుకోవాలి. అది లేకపోతే తరువాత ఎక్కడినుంచో తెచ్చిన మోటారు శబ్దం అతికించవలసి వస్తుంది. మిల్లు చూసినవాళ్లు దాన్ని ఇట్టే పట్టేస్తారు. తరువాతి సన్నివేశపు శబ్దాన్ని ముందుగానే వినిపించే పద్ధతీ ఉంది. అది వచ్చే చోట ముఖ్యమైన మాట ఉండకూడదు, ఉంటే మాటా పోతుంది, శబ్దమూ తెలియదు.

ధ్వనిని ఒక చోటు నుంచి మరో చోటికి మోసుకెళ్లడాన్ని కథగానే మలిచిన సినిమా సింగీతం శ్రీనివాసరావు తీసిన ‘పుష్పక విమానం’ (1987). సినిమా హాలు పక్కన ఉంటూ ఫైటింగుల మోతకు అలవాటుపడిన నాయకుడికి, ఖరీదైన హోటల్లోని నిశ్శబ్దంలో నిద్ర పట్టదు. ఆ మోతను టేపులో పట్టి తెచ్చి వినిపించుకుంటే గానీ కన్ను మూతపడదు. సంభాషణలు లేని సినిమా కాబట్టి రెండు చోట్లనూ కలిపే పని శబ్దానిదే అయింది. సింగీతం శిష్యరికం చేసిన కె.వి.రెడ్డి సన్నివేశాల నిడివిని స్టాప్‌వాచ్‌తో ముందే లెక్కకట్టేవారు. సంధానం రాసేవారికి ఆ అలవాటు ఎంతో పనికొస్తుంది.

ఇంటి నుంచి రహదారికి వైప్ వాడవచ్చు. ఒక బొమ్మను తుడుచుకుంటూ మరో బొమ్మ రావడమే వైప్. అకిరా కురొసావా ‘సెవెన్ సమురాయ్’ (1954)లోనూ, ‘స్టార్ వార్స్’ (1977)లోనూ ఇది బాగా కనిపిస్తుంది. డాక్యుమెంటరీకి మాత్రం కంప్యూటర్లో గీసిన వైప్ కంటే లారీయే మేలు. ఇంటి ముందు రోడ్డు మీద కెమెరాను కదలకుండా నిలబెడితే దగ్గరగా వెళ్లే లారీ ఫ్రేమును కప్పేస్తుంది. కోదాడలోనూ అదే దిశలో వెళ్లే మరో లారీని అలాగే తీసి, రెండూ ఫ్రేమును పూర్తిగా కప్పిన చోట కలపాలి. గంటకు 36 కిలోమీటర్ల వేగంతో వెళ్లే పది మీటర్ల లారీ ఒక బిందువును దాటడానికి ఒక సెకను, అంటే 24 ఫ్రేములు పడుతుంది. ఫ్రేము పూర్తిగా నిండేది అందులో కొన్ని ఫ్రేముల సేపే కనుక కెమెరా రోడ్డుకు దగ్గరగా ఉండాలి. రెండో లారీ ఎదురు దిశలో వస్తే బొమ్మ వెనక్కి తిరిగినట్టుంటుంది.

ఈ మూడింటినీ పక్కపక్కనే వాడితే ప్రేక్షకుడు కథను వదిలి చమత్కారాన్నే లెక్కపెడతాడు. నాలుగు భాగాల డాక్యుమెంటరీలో మ్యాచ్ కట్‌నూ శబ్దాన్నీ ఉంచి, లారీ బదులు మామూలు కట్‌తో సరిపెట్టినా ఏమీ తగ్గదు. స్క్రిప్టులో రాసిందే చివరిదీ కాదు. ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’ (1962)లో అగ్గిపుల్లను ఊదగానే ఎడారి సూర్యోదయం వచ్చే చోట మొదట డిజాల్వ్ అనుకున్నారు. ఎడిటర్ ఆన్ కోట్స్, దర్శకుడు డేవిడ్ లీన్ ఆ రెండు షాట్లనూ నేరుగా అతికించి చూశాక దాన్ని కట్‌గానే ఉంచేశారు.