ఒత్తు మీద నిలిచే మొన: చేతిఫోన్లలో స్టైలస్ చరిత్ర, ప్రయోజనం

చేతిలో ఇమిడే కంప్యూటర్లకు తొలినాళ్లలో కలమే ఆధారం. 1993లో ఆపిల్ సంస్థ విడుదల చేసిన న్యూటన్, 1996లో వచ్చిన పామ్ పైలట్ రెండూ స్టైలస్‌తోనే పనిచేశాయి. న్యూటన్ మనిషి చేతిరాతను ఉన్నదున్నట్లు చదవబూని తడబడింది. పామ్ పైలట్ ఆ భారాన్ని మనిషి మీదికే మళ్లించింది. రోమన్ అక్షరాలను దాదాపు ఒక్కో గీతకు కుదించిన ‘గ్రఫీటి’ అనే రాతను వాడుకరే నేర్చుకోవాలి. తలకట్టు, గుడి, ఒత్తు విడివిడి గీతలుగా పడే తెలుగు రాతకు అందులో చోటు లేదు.

ఆ తెరలు ఒత్తిడితో పనిచేసేవి. పైపొర వంగి కింది పొరను తాకితే చాలు, గోటికొనతోనైనా గీత పడేది. 2007లో వచ్చిన ఐఫోన్ తెర వేలి విద్యుద్వాహకతను గుర్తించేది. దానిని పరిచయం చేసిన సభలోనే స్టీవ్ జాబ్స్ స్టైలస్‌ను తోసిపుచ్చారు. ఫోన్ చేయడానికి, చదవడానికి, బొమ్మలు చూడడానికి ఆ నిర్ణయం సరైనదే. అయితే వేలు తాను తాకే చోటును తానే కప్పేస్తుంది. పోయినది ఆ సన్నని మొన.

2011లో శాంసంగ్ గెలాక్సీ నోట్ దానిని తిరిగి తెచ్చింది. తెర కొలత 5.3 అంగుళాలు, కలం సాంకేతికత జపాన్‌కు చెందిన వాకోమ్ సంస్థది. తెర వెనుకనున్న తీగల వల విద్యుదయస్కాంత తరంగాన్ని పంపుతుంది. కలంలోని చిన్న తీగచుట్ట దానికి ప్రతిస్పందిస్తుంది. రాయడానికి కలంలో బ్యాటరీ అక్కరలేదు. మొన తెరను తాకకముందే దాని స్థానం ఫోన్‌కు తెలుస్తుంది.

దీని ఫలితం ప్రూఫు దిద్దేవారికి బాగా తెలుస్తుంది. పుటలో ‘విద్యార్థి’ అని ఉండవలసినచోట ‘విధ్యార్థి’ అని పడిందనుకుందాం. దోషమంతా ‘ధ’ కింది చిన్న గీతలో ఉంది. ఫోన్ తెరపై ఆ అక్షరం రెండు మూడు మిల్లీమీటర్లకు మించదు. వేలితో గుర్తు పెడితే అది పక్క అక్షరంపైనో, కింది పంక్తిపైనో పడుతుంది. పుటను పెద్దది చేస్తే పంక్తి మొత్తం కనబడదు. కలమైతే తెరపై తేలే చుక్కను చూసుకుని, సరిగ్గా ఆ గీతపైనే సున్న చుట్టి అంచున దిద్దుబాటు రాయవచ్చు. తాళపత్ర ప్రతుల ఛాయాచిత్రాలపై పాఠభేదాలు గుర్తించే పరిశోధకుల అవసరమూ ఇదే.

తెలుగులో సందేశాలు రాసేవారికి మాత్రం ఈ ఖర్చు అనవసరమని నా అభిప్రాయం. తెలుగు సహా 82 భాషల చేతిరాతను అక్షరాలుగా మార్చే గూగుల్ హ్యాండ్‌రైటింగ్ ఇన్‌పుట్ 2015లోనే వచ్చింది. దానికి వేలే చాలు.

అంగడిలో చవకగా దొరికే రబ్బరు మొన కలాలతో ఏ తెరపైనైనా గీయవచ్చు. కాని ఆ మొన వేలంత మొద్దుది. గీత ఎక్కడ మొదలవుతుందో కనబడదు, అరచేయి ఆనితే అక్కడా గీత పడుతుంది. కొనేముందు కలాన్ని తెరకు తాకించకుండా కొద్ది ఎత్తులో కదిపి చూడాలి. కింద చుక్క కదలకపోతే, ఆ కలం ప్రూఫు పనికి వేలికన్న మెరుగు కాదు.