ఒక వాటా – రెండు విపణులు: డిపాజిటరీ రశీదుల చరిత్రలో సత్యం ఉదంతం

వ్యాససంగ్రహం:

ఒకే కంపెనీ వాటాలు వేర్వేరు దేశాల స్టాక్ ఎక్స్ఛేంజీలలో అమ్ముడుపోవడం నేడు సాధారణ విషయం. అయితే ఆ విపణులలో ధరలను ఏది కలిపి ఉంచుతుంది, ఏ సందర్భంలో అవి విడిపోతాయి, కంపెనీ మోసం చేసినప్పుడు వాటాదారులందరికీ ఒకే రక్షణ లభిస్తుందా అనే ప్రశ్నలకు జవాబు చరిత్రలో వెతకవలసి ఉంది. 1927లో లండన్ దుకాణం కోసం పుట్టిన రశీదు నుంచి 2008–09 నాటి హైదరాబాదు సత్యం కంప్యూటర్స్ ఉదంతం వరకు ఈ ఏర్పాటు పనిచేసిన తీరును వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: డిపాజిటరీ రశీదు, ద్వంద్వ లిస్టింగ్, వాటా, మార్పిడి, సత్యం కంప్యూటర్స్.

1. ఉపోద్ఘాతం

2008 డిసెంబరు 16 సాయంత్రం, భారతీయ స్టాక్ ఎక్స్ఛేంజీలు మూతపడిన తరువాత, సత్యం కంప్యూటర్స్ ఒక ప్రకటన చేసింది. కంపెనీ అధిపతి కుటుంబానికి చెందిన మేటాస్ ప్రాపర్టీస్, మేటాస్ ఇన్‌ఫ్రా సంస్థలను సుమారు 160 కోట్ల డాలర్లు వెచ్చించి సొంతం చేసుకుంటామన్నది దాని సారాంశం. ఆ వార్త విన్న హైదరాబాదు మదుపరి తన వాటాలను అమ్ముకోవాలంటే మరునాటి ఉదయం దాకా ఆగాలి. న్యూయార్కులో అప్పటికి ఇంకా పగలే. మన కాలమానం ప్రకారం రాత్రి ఎనిమిది గంటలకు అక్కడి విపణి తెరుచుకుంది. విపణి మూసేసరికి సత్యం రశీదు విలువ సగానికి పైగా పడిపోయింది. వాటాదారుల ఆగ్రహానికి తలొగ్గి, భారతీయ విపణి తెరుచుకునే లోపే యాజమాన్యం ఆ నిర్ణయాన్ని విరమించుకుంది.

హైదరాబాదు కంపెనీ నిర్ణయం మీద తొలి తీర్పు న్యూయార్కు ఇచ్చిందన్నమాట. ఇది ఎలా సాధ్యమైందో తెలియాలంటే ఆ రశీదు పుట్టుక దగ్గర మొదలుపెట్టాలి.

2. రశీదు పుట్టుక – 1927

సెల్ఫ్‌రిడ్జెస్ లండన్‌లోని ప్రసిద్ధ దుకాణం. 1920లలో దాని వాటాలు కొనాలని అమెరికా మదుపరులు ఆశించారు. కాని బ్రిటిష్ కంపెనీల వాటా పత్రాలు దేశం దాటి వెళ్లి అక్కడ నమోదై చేతులు మారడానికి బ్రిటన్ నిబంధనలు అడ్డుపడ్డాయి. న్యూయార్కులోని గ్యారంటీ ట్రస్ట్ కంపెనీ 1927లో దీనికి ఒక ఉపాయం కనిపెట్టింది. వాటా పత్రం లండన్‌లోనే ఒక బ్యాంకు భద్రతలో ఉంటుంది. దానికి బదులుగా న్యూయార్కు బ్యాంకు తన పేరుతో ఒక రశీదు రాసి ఇస్తుంది. అక్కడి విపణిలో చేతులు మారేది ఆ రశీదే. పౌండ్లలో వచ్చిన డివిడెండును డాలర్లలోకి మార్చి రశీదుదారుకు అందజేయడం కూడా ఆ బ్యాంకు పనే.

పంట పండించిన రైతు ధాన్యాన్ని గిడ్డంగిలో ఉంచి, గిడ్డంగి ఇచ్చిన రశీదును వేరొకరికి అమ్మితే ధాన్యం కదలకుండానే సొంతదారు మారతాడు. డిపాజిటరీ రశీదు సూత్రం కూడా అదే. ఇందులో మూడు పాత్రలుంటాయి: వాటాలు జారీ చేసిన కంపెనీ, స్వదేశంలో వాటాలను భద్రపరిచే కస్టోడియన్ బ్యాంకు, విదేశంలో రశీదులు జారీ చేసే డిపాజిటరీ బ్యాంకు. రశీదును బ్యాంకుకు తిరిగి అప్పగిస్తే అది రద్దవుతుంది, స్వదేశంలో అసలు వాటా విడుదలవుతుంది. ఈ వ్యాసంలో ‘మార్పిడి’ అనే మాట ఈ రాకపోకలను సూచిస్తుంది.

3. రశీదు లేని ద్వంద్వ లిస్టింగ్

రెండు దేశాలలో లిస్టింగ్ పొందిన ప్రతి కంపెనీకీ రశీదు అవసరం లేదు. కెనడా కంపెనీల వాటాలు టొరంటోలోనూ న్యూయార్కులోనూ నేరుగా అమ్ముడవుతాయి. ఒకచోట కొన్న వాటాను మరొకచోట అమ్మవచ్చు కాబట్టి రెండు ధరలు డాలరు మారకపు రేటుకు సరిపడా ఒకటిగానే నడుస్తాయి.

దీనికి భిన్నమైనది రాయల్ డచ్, షెల్ కంపెనీల జంట ఏర్పాటు. ఒకటి నెదర్లాండ్స్‌ది, మరొకటి బ్రిటన్‌ది. 1907లో ఈ రెండూ తమ వ్యాపారాన్ని కలిపి, లాభాలను 60:40 నిష్పత్తిలో పంచుకోవడానికి ఒప్పందం చేసుకున్నాయి. కంపెనీలు మాత్రం వేర్వేరుగానే ఉండిపోయాయి. లెక్క ప్రకారం రాయల్ డచ్ మొత్తం విలువ షెల్ విలువకు ఒకటిన్నర రెట్లు ఉండాలి. ఆచరణలో ఆ నిష్పత్తి ఏళ్ల తరబడి తప్పుతూనే వచ్చింది, 1980ల తొలినాళ్లలో తేడా మరీ పెరిగింది. రాయల్ డచ్ వాటాను ఇచ్చి షెల్ వాటాను పుచ్చుకునే దారి లేకపోవడమే ఇందుకు కారణం. చౌకగా ఉన్నదాన్ని కొన్న మదుపరి తేడా తగ్గే రోజు కోసం ఎదురుచూడవలసిందే, ఆ రోజు ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. 2005లో రెండు కంపెనీలూ ఒకటైన తరువాతే ఈ చిక్కు తీరింది.

ఈ రెండు ఉదాహరణలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. ధరలను కలిపి ఉంచేది కంపెనీ ఒక్కటే కావడం కాదు, మార్పిడికి దారి ఉండడం.

4. భారతదేశంలో ఒకవైపే తెరుచుకున్న తలుపు

1992లో రిలయన్స్ ఇండస్ట్రీస్ గ్లోబల్ డిపాజిటరీ రశీదులు జారీ చేయడంతో భారతీయ కంపెనీలకు ఈ మార్గం తెరుచుకుంది. మరుసటి ఏడాది కేంద్ర ప్రభుత్వం ఇందుకోసం ప్రత్యేక పథకాన్ని ప్రకటించింది. 1999 మార్చిలో ఇన్ఫోసిస్ నాస్‌డాక్‌లో చేరింది. 2001 ఏప్రిల్‌లో డాక్టర్ రెడ్డీస్, మే నెలలో సత్యం కంప్యూటర్స్ న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో చేరాయి. ఈ చివరి రెండూ హైదరాబాదు కంపెనీలే.

అయితే తొలినాళ్లలో మార్పిడి ఒకే దిశలో సాగేది. న్యూయార్కు రశీదును రద్దు చేసి భారతదేశంలో వాటా పొందవచ్చు. ముంబయిలో వాటా కొని దాన్ని రశీదుగా మార్చడానికి మాత్రం అనుమతి లేదు. ఈ నిబంధన ఫలితం ధరలలో కనిపించింది. న్యూయార్కులో రశీదు చౌకయితే వ్యాపారులు దాన్ని కొని, రద్దు చేసి, వాటాను ముంబయిలో అమ్మేవారు, దాంతో తేడా తగ్గిపోయేది. న్యూయార్కులో రశీదు ప్రియమైతే దాన్ని కిందికి దించే సాధనం ఏదీ లేదు. 2000 సంవత్సరం తొలి నెలల్లో, సాఫ్ట్‌వేర్ వాటాల మోజు పతాక స్థాయిలో ఉన్నప్పుడు, ఇన్ఫోసిస్ రశీదు ముంబయి ధరకు రెట్టింపును మించి పలికింది.

2002 ఫిబ్రవరిలో భారతీయ రిజర్వు బ్యాంకు రెండో దిశను పరిమితంగా అనుమతించింది. అంతకుముందు ఎన్ని రశీదులు రద్దయ్యాయో అన్నింటిని మాత్రమే తిరిగి జారీ చేయవచ్చు. ఈ సంస్కరణ తలుపును పూర్తిగా తెరవలేదు. రద్దయిన రశీదులు తక్కువగా ఉన్న కంపెనీలలో విదేశీ ధర స్వదేశీ ధరకన్నా ఎక్కువగానే కొనసాగింది.

5. సత్యం – రెండు గడియారాలు

సత్యం రశీదు ఒక్కోటి రెండు వాటాలకు సమానం. 2008 డిసెంబరు 16న బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో వాటా ముగింపు ధర సుమారు 226 రూపాయలు. రెండు వాటాలకు 452 రూపాయలు. డాలరుకు సుమారు 48 రూపాయల లెక్కన రశీదు సమధర తొమ్మిదిన్నర డాలర్లకు కొంచెం తక్కువ. ఆ ముందు రోజు న్యూయార్కులో రశీదు ధర ఇంతకంటే స్పష్టంగా ఎక్కువ. పైన చెప్పిన ఇరుకు తలుపు ప్రభావం ఇక్కడా కనిపిస్తుంది.

ఆ రాత్రి పతనం తరువాత రశీదు ఆరు డాలర్ల లోపునకు దిగింది. ఒక్కో వాటాకు లెక్కిస్తే ఇది 145 రూపాయల కంటే తక్కువ. మరునాడు ముంబయిలో వాటా దాదాపు 30 శాతం పడి 158 రూపాయల దగ్గర ముగిసింది. న్యూయార్కు లెక్క కట్టినప్పుడు మేటాస్ ఒప్పందం ఇంకా బతికే ఉంది. ముంబయి లెక్క కట్టే సమయానికి అది రద్దయింది. రెండు ధరల మధ్య తేడాలో ఈ కాలవ్యత్యాసానికీ పాత్ర ఉంది.

మూడు వారాలకు గడియారం తిరగబడింది. 2009 జనవరి 7 ఉదయం, ఖాతాలలో చూపిన 5,040 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వలు అసలు లేవని రామలింగరాజు లేఖ రాశారు. అప్పుడు భారతీయ విపణి తెరిచి ఉంది, న్యూయార్కులో అర్ధరాత్రి. ముంబయిలో వాటా ఒక్క రోజులో 77 శాతానికి పైగా పతనమై 40 రూపాయల దగ్గర ఆగింది. న్యూయార్కు ఎక్స్ఛేంజ్ తన విపణి తెరవకముందే సత్యం రశీదు లావాదేవీలను నిలిపివేసింది. మొదటిసారి దెబ్బ రశీదుదారుల మీద ముందు పడింది, రెండోసారి మన వాటాదారుల మీద.

6. ఒకే మోసం – రెండు న్యాయాలు

ధరల తేడా కాలక్రమంలో సర్దుకుంటుంది. న్యాయంలో తేడా అలా సర్దుకోలేదు. అమెరికాలో రశీదుదారులు తమందరి తరఫున ఒకే ఉమ్మడి దావా వేశారు. 2011లో సత్యం కంపెనీ, అప్పటికి మహీంద్రా సత్యం, 12.5 కోట్ల డాలర్లు చెల్లించి రాజీపడింది. ఆడిటింగ్ సంస్థ మరో 2.55 కోట్ల డాలర్లకు ఒప్పుకుంది. న్యూయార్కులో రశీదు కొన్నవారు, భారతీయ ఎక్స్ఛేంజీలలో వాటాలు కొన్న అమెరికా నివాసులు ఈ పరిహారానికి అర్హులు. అదే వాటాలను అదే ధరకు కొన్న భారతదేశ నివాసికి ఇందులో భాగం లేదు. పరిహారం కోరుతూ ఇక్కడి మదుపరుల సంఘం చేసిన ప్రయత్నం 2009లో సుప్రీంకోర్టు దాకా వెళ్లి విఫలమైంది.

రాజీ సొమ్ములో కంపెనీ భాగం కంపెనీ ఖజానా నుంచే వెళ్లిందని గమనించాలి. ఆ ఖజానాలో భారతీయ వాటాదారులకూ హక్కుంది. అప్పటికీ వాటాలు అట్టిపెట్టుకున్న స్థానిక మదుపరి తన నష్టాన్ని భరించడమే కాక, రశీదుదారుల పరిహారంలోనూ పరోక్షంగా పాలుపంచుకున్నాడు.

2010లో అమెరికా సుప్రీంకోర్టు నేషనల్ ఆస్ట్రేలియా బ్యాంకు కేసులో ఇచ్చిన తీర్పు ఈ గీతను మరింత గట్టిగా గీసింది. విదేశీ ఎక్స్ఛేంజ్‌లో జరిగిన కొనుగోళ్లకు అమెరికా సెక్యూరిటీల చట్టం కింద మోసం దావా వేసే వీలు లేదని అది తేల్చింది. ఆ బ్యాంకుకు న్యూయార్కులో రశీదులు ఉన్నాయన్న వాదన ఆస్ట్రేలియాలో వాటాలు కొన్నవారికి అక్కరకు రాలేదు. మన దేశంలో వాటాదారులు కంపెనీ మీద ఉమ్మడి దావా వేసే అవకాశాన్ని 2013 కంపెనీల చట్టంలోని 245వ సెక్షను కల్పించింది. అది 2016లో అమలులోకి వచ్చింది. సత్యం మదుపరులకు అప్పటికే కాలం మించిపోయింది.

7. ముగింపు

రశీదు వెనుక ఉన్నది అదే వాటా. కాబట్టి రశీదుదారు, వాటాదారు సమానులని అనుకోవడం సహజం. పై పరిశీలన ఈ భావనకు రెండు పరిమితులను చూపుతుంది. మార్పిడికి ఉన్న దారి ఎంత వెడల్పో ధరల సమానత్వం అంత. కొనుగోలు ఏ దేశంలో జరిగిందో, కొన్నవారు ఎక్కడ నివసిస్తున్నారో దాన్నిబట్టి న్యాయ రక్షణ. మొదటి పరిమితిని రిజర్వు బ్యాంకు ఒక ఉత్తర్వుతో సడలించగలిగింది. రెండోదానికి పార్లమెంటు చట్టం కావలసి వచ్చింది. విదేశాలలో లిస్టింగ్ ఉన్న కంపెనీ వాటాను ఇక్కడ కొనే మదుపరి, అక్కడి నియమాల కట్టుదిట్టం కంపెనీని క్రమశిక్షణలో ఉంచుతుందని ఆశించవచ్చు. నష్టం వాటిల్లినప్పుడు అక్కడి న్యాయస్థానం తన పక్షాన కూడా నిలబడుతుందని ఆశించడానికి మాత్రం సత్యం ఉదంతం ఆధారం ఇవ్వదు.